ఆఫ్‌సైట్ రిమైండర్ రోజూ కొట్టాలంటారా? వద్దప్పా

"ఆఫ్‌సైట్‌కి వారం ముందు నుంచి రోజూ గ్రూపులో ఫుల్ డీటెయిల్స్‌తో రిమైండర్ పెట్టండి. ముందు రోజు రాత్రి 10కి ఫైనల్ మెసేజ్ కొట్టండి. అందరికీ ఒకటే మెసేజ్ పోవాల. అప్పుడు 'నేను చూడలేదు' అని ఎవురూ అనలేరు."

హెచ్ఆర్, అడ్మిన్ పనులు చూసేవాళ్లందరికీ ఇది ఎవురో ఒకరు ఫార్వర్డ్ చేసే ఉంటారు. ఒట్టిగా వాదించుకుంటే తేలదు కాబట్టి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. తిరుపతిలో ఒక ఆఫీసు, నలభై మంది స్టాఫ్, డిసెంబర్‌లో శుక్రవారం పొద్దున 6కి లీలామహల్ సర్కిల్ దగ్గర బస్సు ఎక్కి చంద్రగిరి, భాకరాపేట, పీలేరు, మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్‌కి పోవాల, శనివారం రాత్రికి వెనక్కి రావాల.

ముందు ఆ రోజువారీ సంగతి. మూడో రోజుకి జనం గ్రూపును మ్యూట్‌లో పెడతారు, ఇది అందరికీ తెలిసిందే, అసలు నష్టం అది కాదు. బుధవారం బస్సు వాళ్లు ఫోన్ చేసి లీలామహల్ దగ్గర పెద్ద బస్సు నిలపలేం, అన్నమయ్య సర్కిల్ దగ్గర ఎక్కించుకుంటాం అన్నారనుకోండి. మీరు అదే పాత మెసేజ్‌లో ఒక్క లైను మార్చి మళ్లీ పెట్టారు. సోమ, మంగళవారాలు చూసిందే కదా అని ఎవురూ తెరవరు, తెరిచినా ఆ లైను దాకా పోరు, శుక్రవారం పొద్దున పదిమంది లీలామహల్ దగ్గరే నిలబడి ఉంటారు. ఒకే మాట పదిసార్లు చెప్తే పదకొండోసారి చెప్పిన కొత్త మాట అందులో కలిసిపోతుంది. అందుకే ఏదన్నా మారితేనే మెసేజ్, అది కూడా మొదటి లైనులోనే "మార్పు: బస్సు లీలామహల్ కాదు, అన్నమయ్య సర్కిల్" అని ఉండాల. వాట్సాప్‌లో పాత మెసేజ్ ఎడిట్ చేసేద్దాం అంటారా, పంపిన 15 నిమిషాల దాకానే కుదురుతుంది, ఈ లోపల ఎవురన్నా వేరే గ్రూపుకి ఫార్వర్డ్ చేసి ఉంటే అక్కడ తప్పు తప్పుగానే ఉండిపోతుంది. క్యాలెండర్ ఇన్వైట్ అయితే టైమో చోటో మార్చినప్పుడు ఆ ఎంట్రీనే మారుతుంది కాబట్టి టైము, చోటు అక్కడ పెట్టి, గ్రూపులో మార్పు మటుకు చెప్తే సరిపోతుంది.

ఇంక ఫుల్ డీటెయిల్స్. దీన్ని కొంచెం నిదానంగా చూడాల, ఎందుకంటే తెలివైనోళ్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు. స్టాఫ్‌కి ఇవ్వాల్సిన సమాచారం ఎంత ఉందా అని చూస్తారు గానీ, ఒక్కో విషయానికి చివరి రోజు ఒకటి ఉంటుందని చూడరు. ఆ రోజు దాటినాక చెప్తే చెప్పకపోయినట్టే.

స్వెట్టర్ సంగతే తీసుకోండి. హార్స్‌లీ హిల్స్ 1200 మీటర్లకు పైనే ఉంది, డిసెంబర్ రాత్రి అక్కడ బాగా చలి. మన తిరుపతి వాళ్లలో ఇంట్లో స్వెట్టర్ ఉండేది ఎంతమందికి? కొనుక్కోవాల, లేకపోతే చుట్టాల దగ్గర అడగాల. అంటే ఆ మాట పోవాల్సింది ముందు శుక్రవారం సాయంత్రం, అప్పుడు చేతిలో ఆదివారం ఉంటుంది. గురువారం చెప్తే చదివి "అబ్బా" అనుకొని పల్చటి షర్టుతోనే వస్తారు. తిండీ గదుల లెక్కేమో రిసార్ట్ వాళ్లు అడిగిన తేదీకి రెండ్రోజుల ముందే మీ చేతికి రావాల, అది రెండు వారాల ముందు పని. వెనక్కి ఎన్నింటికి వస్తారో కూడా అప్పుడే చెప్పాల. పొద్దున బయల్దేరే టైము అందరూ రాస్తారు, రిటర్న్ టైము ఎవురూ రాయరు, చిత్తూరు నుంచో శ్రీకాళహస్తి నుంచో వచ్చి పని చేసేవాళ్లకి కావాల్సింది అదే, రాత్రి దిగినాక ఇంటికెట్లా పోవాల, ఎవురు వచ్చి తీసుకుపోతారు అని ముందే మాట్లాడుకోవాల కదా. ఘాట్ రోడ్డులో వాంతులయ్యేవాళ్లు మాత్ర తెచ్చుకోవాలని ఒకరోజు ముందు చెప్తే చాలు. బస్సు నంబరు, డ్రైవర్ ఫోను ఆ పొద్దునే, అంతకు ముందు రోజు ఇస్తే బస్సు మారిపోయే చాన్సుంది.

ఇవన్నీ ఒకే మెసేజ్‌లో కుక్కితే ఏమవుతుందో ఫోన్ స్క్రీన్ చూస్తే తెలుస్తుంది. నోటిఫికేషన్‌లో కనపడేది మొదటి ఒకటి రెండు లైన్లే. అక్కడ "డియర్ ఆల్, వార్మ్ గ్రీటింగ్స్, మనమందరం ఎదురు చూస్తున్న..." అని పెడితే విషయం తలుపు బయటే నిలబడిపోతుంది. "ఆదివారం లోపల స్వెట్టర్ చూసుకోండి, హార్స్‌లీలో చలి" అని మొదలుపెడితే మెసేజ్ తెరవకపోయినా పని అయిపోయింది.

రాత్రి 10 ఫైనల్ మెసేజ్ గురించి. చివర్లో ఒక మెసేజ్ ఉండాల అనేదాంట్లో నాకు పేచీ లేదు, టైముతోనే పేచీ. రాత్రి 10కి మెడికల్ షాపులు చాలావరకు మూసేసి ఉంటాయి, తెల్లారే లేవాల్సిన వాళ్లు పడుకొని ఉంటారు, డౌట్ వచ్చినోళ్లు ఈ టైములో ఏం అడుగుతాంలే అని గమ్మున ఉండిపోతారు. గురువారం సాయంత్రం 4కి పంపండి, అందరూ ఆఫీసులోనే ఉంటారు, మీ సీటు దగ్గరికొచ్చి అడుగుతారు, ఇంటికి పోతా పోతా మాత్ర కూడా కొనుక్కుంటారు. నైట్ షిఫ్ట్ వాళ్లుంటే వాళ్లది వేరే లెక్క, 4కి వాళ్లు నిద్రలో ఉంటారు, షిఫ్ట్ మొదలయ్యేటప్పుడు పంపండి. అసలు ఆ రాత్రి వాళ్లని డ్యూటీలో వెయ్యకుండా చూడమని మేనేజర్‌కి వారం ముందే ఒక మెసేజ్ పోవాల, పొద్దున 6కి షిఫ్ట్ దిగేవాడు 6కి బస్సెట్లా ఎక్కుతాడు?

అందరికీ ఒకటే మెసేజ్ అనేది మటుకు శుద్ధ తప్పు. తిండీ గదుల లెక్క కోసం పెట్టిన ఫారం నలభై మందిలో ముప్పైరెండు మంది నింపేసినారు. మిగిలిన ఎనిమిది మంది కోసం గ్రూపులో "ఇంకా నింపనోళ్లు నింపండి" అని అరిస్తే ఆ ముప్పైరెండు మందీ నేను నింపానా లేదా అని మళ్లీ వెతుక్కుంటారు, కొందరు రెండోసారి నింపుతారు, లెక్క తప్పుతుంది. ఆ ఎనిమిది మందికే విడివిడిగా పెట్టండి. గ్రూపులో పేర్లు వేసి ట్యాగ్ చెయ్యొద్దు. ఇంట్లో పసిబిడ్డో, పెద్దవాళ్ల ఆరోగ్యమో, ఏదో ఒక కారణం ఉంటుంది, అందరి ముందర అది చెప్పలేక ఊరికే "ఓకే సర్" అని పెట్టేసి ఆ రోజు రారు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపేవాళ్లు ఇంకోటి చూసుకోండి, మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు అది అసలు పోదు. కొత్తగా చేరినవాళ్లే ఎక్కువగా ఇట్లా తప్పిపోయేది.

చివరగా ఆ "చూడలేదు అనలేరు" మాట. గ్రూపు మెసేజ్ ఎవురు చదివారో మెసేజ్ ఇన్ఫోలో చూడొచ్చు, వాళ్లు బ్లూ టిక్ ఆఫ్ చేసుకున్నా గ్రూపులో కనపడుతుంది. సరే, చూసినారని నిరూపించారు, బస్సేమో పదిమంది తక్కువతో నిలబడి ఉంది, ఏం లాభం? థంబ్సప్ కూడా అంతే, చదవకుండానే కొట్టేస్తారు. గురువారం మెసేజ్ చివర్లో "మీరు ఎక్కేది అన్నమయ్య సర్కిలా, దారిలో చంద్రగిరా? ఒక్క మాట రాయండి" అని అడగండి. లీలామహల్ అని రాసినోడు మార్పు చూడలేదని ఆ సాయంత్రమే దొరికిపోతాడు. జవాబు రానివాళ్లకి 7 గంటలకి ఫోన్ చెయ్యండి, ఇంకో మెసేజ్ వద్దు. పొద్దున 5కి బస్సు నంబరు పంపినాక కూడా 5:50కి కనపడనోళ్లుంటే అప్పుడూ ఫోనే, గ్రూపులో "వేర్ ఆర్ యూ" అని పెడితే ఆటోలో వచ్చేవాడు చూసుకోడు.