‘లైట్ డ్యూటీ’ అంటే ఎన్ని కిలోలు?

వేళ్లకు ఆపరేషన్ అయిన కార్మికుడు రెండు నెలల తర్వాత తిరిగి పనికొస్తాడు. చేతిలో డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంటుంది. ‘పనికి ఫిట్. కొంతకాలం లైట్ డ్యూటీ ఇవ్వగలరు’ అని అందులో ఒక్క ముక్క. రాసిన డాక్టరుకు ఇతను రోజంతా ఏం ఎత్తుతాడో తెలియదు. చదివిన సూపర్‌వైజరుకు ఆ చేతిలో ఏం తెగిందో, ఎంతవరకు అతికిందో తెలియదు. రెండూ కొంత తెలిసిన కార్మికుణ్ణి అడిగేవారే ఉండరు. తీవ్ర గాయం తర్వాత తిరిగి పనిలో కుదురుకోవడం చెడిపోయిన చోట వెనక్కి వెళ్లి చూస్తే, చాలాసార్లు ఈ ముక్క దగ్గరే ఆగుతాం. దాని బదులు ఏ పని, ఎంత బరువు, ఎన్ని గంటలు, ఏ తేదీ వరకు అన్నది రాయాలని మేము కోరుతున్నాం.

ప్యాకింగ్ విభాగంలో పనిచేసే మనిషిని ఊహించుకుందాం. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మొదళ్ల దగ్గర బ్లేడు దిగింది. కండరాన్ని ఎముకకు కలిపి, వేళ్లను ముడిచే తాళ్లలాంటి టెండన్లు తెగాయి. చూపుడువేలికి స్పర్శనిచ్చే నాడి కూడా తెగింది. సర్జన్ అన్నిటినీ కలిపి కుట్టారు. మన వాడుకలో టెండన్‌నూ నరమే అంటాం, నాడినీ నరమే అంటాం. అందుకే ‘నరం తెగితే కుట్టేశారు’ అని విన్న సూపర్‌వైజరుకు అదంతా ఒకే గాయం అనిపిస్తుంది. నిజానికి రెండూ మానే తీరు వేరు, పనిలో అవి తెచ్చే ప్రమాదమూ వేరు.

కుట్టిన టెండన్ మొదటి పది రోజుల్లో మరీ బలహీనంగా ఉండి, ఆ తర్వాత వారాల తరబడి నెమ్మదిగా బలం పుంజుకుంటుంది. అందుకే సుమారు ఆరు వారాలు చేతిని ఒక తీరులో పట్టి ఉంచే స్ప్లింట్ ఉంచి, అందులోనే వేళ్లను కొలత ప్రకారం కదిలించమంటారు. అసలు కదపకపోతే టెండన్ చుట్టుపక్కలకు అతుక్కుపోయి వేలు ముడుచుకోదు. ఎనిమిదో వారం నుంచి తేలికపాటి వాడకం, పన్నెండో వారం దాటాక బరువులు అన్నది సర్జన్లు సాధారణంగా చెప్పే క్రమం. చిక్కంతా ఎనిమిదికీ పన్నెండుకీ మధ్యన ఉంది. అప్పటికి నొప్పి దాదాపు పోతుంది, వేళ్లు ముడుచుకుంటాయి, చేయి బాగైపోయిందనే అందరికీ అనిపిస్తుంది. పెట్టె జారుతుంటే గబుక్కున వేళ్లతో పట్టుకుంటాడు, కుట్టు తెగిపోతుంది. పెద్ద నొప్పి కూడా ఉండకపోవచ్చు. ఏదో టక్కుమన్నట్టు అనిపించి, అంతకుముందు ముడుచుకున్న వేలికొస ఇక ముడుచుకోకపోవడమే గుర్తు. అప్పుడు పని ఆపి అదే రోజు సర్జన్‌కు చూపించాలి. రోజులు గడిచేకొద్దీ తెగిన కొస వెనక్కి లాక్కుపోయి, మళ్లీ కుట్టడం కష్టమవుతుంది.

కాబట్టి మొదటి కాగితం సూపర్‌వైజరు రాయాలి, డాక్టరు కాదు. ‘ప్యాకింగ్ హెల్పర్’ అన్న హోదా పేరుతో డాక్టరుకు ఒరిగేదేమీ లేదు. బెల్టు మీది నుంచి 12 కిలోల పెట్టెను రెండు చేతులతో తీసి, మోకాలి ఎత్తు నుంచి భుజం ఎత్తు వరకు పేర్చాలి. నిమిషానికి రెండు పెట్టెలు. షిఫ్టులో ఏడు గంటలు. మధ్యమధ్య కత్తితో పట్టీలు కోయాలి. ఇంత రాస్తే అరపేజీ. ఆ లెక్కన షిఫ్టుకు 840 పెట్టెలు, అంటే పది టన్నుల పైన. ‘12 కిలోలే కదా’ అనుకునే డాక్టరు ఈ మొత్తం చూశాక వేరేగా ఆలోచిస్తారు. సూపర్‌వైజరు రాసింది కార్మికుడు చదివి, వదిలేసినవి కలిపాక డాక్టరుకు పంపాలి. డాక్టరు ఒక్కో పనికి ఎదురుగా చేయవచ్చా, ఎంతవరకు, ఏ తేదీ దాకా అని రాసిస్తే చాలు. జబ్బు పేరు, స్కాన్లు, వాడే మందులు సూపర్‌వైజరుకు అక్కర్లేదు. కార్మికుడు ఒప్పుకుంటేనే అవి బయటికి రావాలి.

బ్రిటన్‌లో 2010లో డాక్టర్లు రాసిచ్చే పాత సిక్ నోట్ తీసేసి ఫిట్ నోట్ తెచ్చారు. పనికి తగరు అన్న మాటతోపాటు, మార్పులు చేస్తే చేయగలరేమో అని చెప్పే వీలు కల్పించి, దశలవారీ రాక, పనివేళల మార్పు, పనుల మార్పు, పనిచోట సర్దుబాట్లు అని నాలుగు గడులు పెట్టారు. మంచి నమూనాయే. అయినా గడిలో టిక్కు పెట్టినంత మాత్రాన కిలోలు, గంటలు తెలియవు, పక్కన రాయాల్సిందే.

మన ఉదాహరణలో, సర్జన్ ఒప్పుకున్న మీదట, ఎనిమిదో వారంలో రోజుకు నాలుగు గంటలు లేబుళ్ల తనిఖీతో మొదలుపెట్టవచ్చు. కుడిచేత్తో కాగితం, పెన్ను మించి ఎత్తకూడదు. పదో వారంలో అదే పని ఆరు గంటలు. పన్నెండో వారంలో సర్జన్ చూశాక పూర్తి షిఫ్టు, బరువు మాత్రం ఇంకా లేదు. ఆ తర్వాత వారం నుంచి రెండు చేతులతో 3 కిలోలు, తర్వాత 6, తర్వాత 12. పూర్తి బరువు వచ్చినప్పుడు వేగం సగానికి తగ్గించి మొదలుపెట్టాలి. గంటలు, బరువు, వేగం మూడింటిలో ఒకసారి ఒక్కటే పెంచాలి. రెండు కలిపి పెంచితే, చేయి వాచినప్పుడు దేన్ని వెనక్కి తీసుకోవాలో తెలియదు. సాయంత్రం కొంచెం వాపు, బిగుతు వచ్చి పొద్దుటికి తగ్గితే అదే మెట్టు మీద ఉండొచ్చు. మర్నాడు పొద్దున కూడా పిడికిలి నిన్నటంత బిగియకపోతే ఒక మెట్టు దిగాలి. వారానికి ఒకసారి సూపర్‌వైజరు, కార్మికుడు పది నిమిషాలు కూర్చుని ఇది రాసుకుంటే, డాక్టరు తర్వాతి నిర్ణయానికి అదే ఆధారం.

ఇంత రాసుకున్నా పథకం దెబ్బతినేది మనుషులు తక్కువైన రోజున. ‘ఈ ఒక్క లోడుకు చెయ్యి వెయ్యి’ అని అడిగితే కాదనడం ఎవరికైనా కష్టం. అందుకని ఈ వారాల్లో అతన్ని లైనులో ఉండాల్సిన మనుషుల లెక్కలో కలపకూడదు, అదనపు మనిషిగానే చూడాలి. పెట్టెల లెక్కన కూలి ఇచ్చే చోటైతే మొదటిరోజుకు ముందే జీతం సంగతి తేల్చాలి. లేకపోతే హద్దు దాటమని ఎవరూ అడగక్కర్లేదు, అతనే దాటేస్తాడు.

ఇక నాడి సంగతి. కుట్టిన నాడి రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, అదీ మొదట కొన్ని వారాల ఆలస్యం తర్వాత. వేలి మొదలు నుంచి కొసకు ఆరేడు సెంటీమీటర్లు. అంటే పెట్టెలు ఎత్తే బలం వచ్చేనాటికీ వేలికొసకు స్పర్శ రాకపోవచ్చు. పెద్దవాళ్లలో పూర్తిగా తిరిగి రాకపోవడం మామూలే. స్పర్శ లేని వేలు కత్తి అంచునూ వేడినీ పసిగట్టదు, పట్టు జారుతున్నా తెలియదు. అందుకే పట్టీలు కోసే పని బరువుల మెట్లతో కలపకుండా విడిగా రాయాలి: అంచు కప్పి ఉండే కట్టర్, లావుపాటి పిడి, లేదా ఆ పని మరొకరికి. గ్లవ్స్ ఇస్తే సరిపోతుందనుకుంటారు కానీ, తిరిగే యంత్రం దగ్గర గ్లవ్ చిక్కుకుంటే చేయి మొత్తం లోపలికి పోతుంది. అలాంటి చోటికి అతన్ని పంపకపోవడమే సర్దుబాటు. చలి, చేతికి అదురు తెచ్చే పనిముట్లు కూడా ఈ వేలికి పడవు. ఆరో నెలలో స్పర్శను మళ్లీ పరీక్షించాక, కత్తి పని తిరిగి ఇవ్వాలా, శాశ్వతంగా తీసేయాలా అన్నది తేదీ వేసి కాగితం మీద రాయాలి.