ముప్పై నిండేదాకా ఆగే జబ్బు కాదిది

“ముప్పై దాటేదాకా బీపీ పరీక్ష దండగ. బీపీ ఉంటే తల నొస్తుంది, కళ్లు తిరుగుతాయి, మనకే తెలుస్తుంది. ఉప్పు తగ్గించనక్కరలేదు, సైంధవ లవణానికి మారితే చాలు. రోజంతా కూర్చోవడం మాత్రం సిగరెట్‌తో సమానం.”

మాదాపూర్‌లో ఒక ఆఫీసు ఆరోగ్య దినం నాడు చేసిన ప్రసంగంలోని మాటలివి. వారం రోజులుగా ఫోన్లలో తిరుగుతున్నాయి. ఆ రోజు అదే భవనంలో, కింది అంతస్తులో బీపీ మిషన్ పెట్టుకుని కూర్చున్న డాక్టర్ని నేనే.

చివరి మాటను ముందు తేల్చేద్దాం. అది ఉత్త అతిశయోక్తి. గంటల తరబడి కూర్చోవడం మంచిది కాదు, నిజమే. కానీ పది లక్షల మందికి పైగా వివరాలను కలిపి చూసి 2016లో ప్రచురించిన విశ్లేషణలో, రోజూ గంట, గంటంపావు వేగంగా నడిచేవారిలో ఆ అదనపు ముప్పు దాదాపు కనిపించలేదు. సిగరెట్ చేసే చెరుపు నడకతో అలా చెరిగిపోదు.

ఇక ముప్పై. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. ప్రభుత్వం బీపీ, షుగర్ల కోసం చేసే సామూహిక పరీక్షలు ముప్పై నిండినవారితో మొదలవుతాయి. కోట్ల మందిని చూడాల్సినప్పుడు ఎక్కడో ఒక గీత గీయక తప్పదు. గీతకు ఇవతల జబ్బు రాదని దాని అర్థం కాదు. 18 నిండినవారు ఒకసారి చూపించుకోవాలి. అంకె మామూలుగా ఉంటే మూడు నుంచి ఐదేళ్లకోసారి, బరువు ఎక్కువైనా, అంకె హద్దుకు దగ్గరగా ఉన్నా ఏటా చూపించుకుంటే సరి. పైగా చిన్న వయసులో బీపీ కనిపిస్తే మేము ఇంకా జాగ్రత్తగా వెతుకుతాం. మూత్రపిండాల జబ్బు, వాటికి వెళ్లే రక్తనాళం సన్నబడటం, అడ్రినల్ గ్రంథి తేడా, వాడుతున్న మాత్రలు: ఇలాంటి మూలకారణం దొరికే అవకాశం పెద్దవారిలో కంటే వీరిలో ఎక్కువ.

తలనొప్పి సంగతి ఆ రోజు వచ్చిన ఒక కుర్రవాడి ద్వారానే చెబుతాను. వయసు 27, టెస్టింగ్ ఇంజనీరు. నాలుగో అంతస్తు నుంచి మెట్లు దిగి, చేతిలో టీ కప్పుతో వచ్చాడు. “తొందరగా చూడండి సార్, మీటింగ్ ఉంది” అంటూనే చెయ్యి చాచాడు. 152/98. ఒంట్లో ఏ బాధా లేదు. అయితే అలా తీసిన అంకెను నేనూ నమ్మను. టీ తాగాక అరగంట ఆగాలి. తర్వాత వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. జిమ్ చేసిన దండ కావడంతో మామూలు పట్టీ చాలలేదు. పట్టీ చిన్నదైతే అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. మీటింగ్ అయ్యాక రమ్మని, పెద్ద పట్టీతో నిమిషం తేడాతో రెండుసార్లు చూశాను. 142/92, 140/90.

ఒక్క రోజు అంకెతో జబ్బు ముద్ర వేయకూడదు. ఇంట్లో ఏడు రోజులు, ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి రాయమన్నాను. మొదటి రోజుది వదిలేస్తే మిగిలిన 24 అంకెల సగటు 138/88. ఇంట్లో చూసేటప్పుడు హద్దు 135/85. అంటే బీపీ ఉన్నట్టే. మూత్రం, క్రియాటినిన్, పొటాషియం పరీక్షల్లో తేడా ఏదీ కనబడలేదు. వాళ్ల నాన్నగారికి నలభైలోనే బీపీ మొదలైందట.

“ఉప్పు ఎంత తింటారు?” అంటే “తక్కువే సార్, ఆరు నెలలుగా సైంధవమే” అన్నాడు. రంగు మారింది కానీ సరుకు మారలేదు. సైంధవం కూడా దాదాపు అంతా సోడియం క్లోరైడే. గులాబీ రంగునిచ్చే ఖనిజాలు లేశమాత్రం. పైగా అయోడిన్ కలిపిన ఉప్పులో దొరికే అయోడిన్ పోతుంది. “కిలో ప్యాకెట్ ఎన్నాళ్లు వస్తుంది?” అని అడిగాను. ఇంట్లో ముగ్గురు, 28 రోజులు. లెక్క కడితే మనిషికి రోజుకు సుమారు 12 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు ఐదు గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచా. వార్చిన గంజితో కొంత పోతుంది కాబట్టి ఇది కచ్చితమైన కొలత కాదు. కానీ కొన్న ఆవకాయ, శనివారం బిర్యానీ, సాయంత్రం మిక్చర్ ఈ ప్యాకెట్‌లో లేవు కదా!

సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు అతనికి సరిపడేది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవారు మాత్రం డాక్టర్ని అడగకుండా దాని జోలికి పోకూడదు. వాళ్ల నాన్నగారు అవే మాత్రల మీద ఉన్నారు, వంట ఒకటే. అందుకే మామూలు అయోడిన్ ఉప్పునే తగ్గించమన్నాను. అన్నంలో ఉప్పు వేయడం మానేశారు, పచ్చడి వారానికి రెండుసార్లకు దిగింది.

రెండు నెలలకు ప్యాకెట్ 45 రోజులు వస్తోంది, అంటే మనిషికి ఏడున్నర గ్రాములు. ఇంటి సగటు 131/84. మాత్ర ఇంకా రాయలేదు. మూడు నెలలాగి మళ్లీ అదే పెద్ద పట్టీతో చూస్తాను.