మౌస్ కదలకపోతే పని చేయనట్టేనా?

గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చేస్తున్న మా బంధువులమ్మాయి మొన్న తన మేనేజర్ పంపిన మెయిల్ చూపించింది. ‘నిన్న 11 నుంచి 12 దాకా నీ యాక్టివిటీ 18 శాతమే. కారణం రాయి’ అని ఉంది. ఆ గంటంతా ఆమె పేమెంట్ ఎక్కడ ఆగిపోతోందో తేల్చడానికి లాగ్ ఫైళ్లు చదువుతూ కూర్చుంది. తప్పు పట్టుకుంది కూడా. ‘దొంగను అడిగినట్టు అడిగారు’ అన్నదే ఆమె బాధ.

ఆ 18 ఎక్కడిది? ఉద్యోగుల కంప్యూటర్లలో కంపెనీలు పెట్టే హబ్‌స్టాఫ్ లాంటి ట్రాకర్లు సమయాన్ని పది నిమిషాల ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కలోని 600 సెకన్లలో ఎన్నింటిలో కీబోర్డో మౌసో కదిలిందో చూస్తాయి. గంటకు 3,600 సెకన్లు. అందులో 648 సెకన్లలో ఆమె చెయ్యి కదిలింది, అంతే. చదివినా, ఆలోచించినా, ఫోన్‌లో క్లయింటుతో మాట్లాడినా లెక్కలోకి రాదు. ఊరికే పేజీని పైకీ కిందికీ జరిపేవాడికి మాత్రం మంచి మార్కులే పడతాయి.

దీనికి విరుగుడుగా మౌస్‌ను దానంతటదే కదిపే పరికరాలు కొంటున్నారు. నేనైతే వద్దంటాను. కీబోర్డు వాడుతున్నట్టు నటించారని 2024లో అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు డజనుకు పైగా ఉద్యోగులను తీసేసింది. అలా నటిస్తే, అప్పటిదాకా మన వైపు ఉన్న న్యాయం అక్కడితో పోతుంది.

‘నా అనుమతి లేకుండా ఎలా చూస్తారు’ అన్న వాదనకూ ఇక్కడ బలం తక్కువ. ఉద్యోగ అవసరాల కోసమైతే అనుమతి లేకుండానే సమాచారం వాడుకోవచ్చని 2023 నాటి మన డేటా రక్షణ చట్టం ఏడో సెక్షన్ చెబుతోంది. కొలత తప్పు అన్న వాదన అంతకంటే గట్టిది. 2024 డిసెంబరులో ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ ఓ రియల్ ఎస్టేట్ కంపెనీకి 40 వేల యూరోల జరిమానా వేసింది. అక్కడ 3 నుంచి 15 నిమిషాలు మౌస్ కదలకపోతే ఖాళీగా ఉన్నట్టు రాసుకునేవారు. కంప్యూటర్ ముట్టని సమయంలోనూ మీటింగులు, ఫోన్లు ఉంటాయి కదా, దీన్ని పని గంటల లెక్క అని ఎలా అంటారని ఆ సంస్థ తప్పుబట్టింది.

మా బంధువులమ్మాయి కూడా కొలత తప్పనే చూపించింది. రెండు వారాలు ఒక షీట్‌లో తనకు అప్పగించిన ఒక్కో పని టికెట్ నంబరు, సమయం, చేసిన పని, పక్కనే ట్రాకర్ చూపిన శాతం రాసుకుంది. కష్టమైన టికెట్ల దగ్గరే శాతం పడిపోయిందని అందులో తెలిసిపోయింది. కోపం ఎక్కడా కనపడకుండా, ఆ షీట్ జతచేసి నాలుగు ప్రశ్నలు మెయిల్ చేసింది: ఏమేం రికార్డవుతోంది, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, అప్రైజల్‌లో కలుపుతారా?

ఆ శాతం ఎలా వస్తుందో మేనేజర్‌కూ తెలియదట. లాగ్ చదివే గంటలను ఇకమీదట విడిగా నమోదు చేయమన్నాడు. మూడు ప్రశ్నలకు హెచ్‌ఆర్ జవాబిచ్చింది. అప్రైజల్ సంగతి మాత్రం ‘చూసి చెబుతాం’ అంది. ఆమె ఆ షీట్ రాయడం ఇంకా ఆపలేదు.