ఆకుపచ్చ కవరు, అసలు సంగతి

"కవర్ మీద బయోడిగ్రేడబుల్ అని రాసుంటే నమ్మొచ్చా?"

ఆ ఒక్క మాట చూసి మాత్రం నమ్మకండి, ఎందుకంటే ఎన్ని రోజుల్లో, ఎంత వేడిలో, ఎక్కడ కలిసిపోతుందో చెప్పకపోతే దానికి అర్థమే లేదు. మా వీధి కొట్టువాడిచ్చిన కవరు మీద పెద్ద ఆకు బొమ్మ ఉంది, పెరట్లో పాతిపెడితే రెండు వర్షాకాలాలు పోయినా చెక్కుచెదరలేదు!

కంపోస్టబుల్, అంటే ఎరువుగా మారేది, అని రాసున్నా పెరటి గుంత చాలనుకోకండి. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు ఉన్న ప్రమాణం IS/ISO 17088 ప్రకారం పరీక్ష చేసేది దాదాపు 58 డిగ్రీల వేడి నిలకడగా ఉండే కంపోస్టులో. మీ ఊళ్లో అలాంటి ప్లాంటుకి తడి చెత్త వెళ్లకపోతే కవరు నిజమైనదైనా డంపుయార్డులోనే పడి ఉంటుంది.

కాబట్టి కవరు మీద తయారీదారు పేరు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సీపీసీబీ ఇచ్చే సర్టిఫికెట్ నంబరు వెతకండి. గ్రీన్‌వాషింగ్, అంటే పర్యావరణానికి మంచిదని తప్పుడు ప్రచారం చేసుకోవడం, మీద 2024 అక్టోబరులో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం 'ఎకో ఫ్రెండ్లీ' అని ఊరికే రాసుకోవడం కుదరదు, ఆధారం చూపాలి.