బరువు తూచి టేకును గుర్తించగలమా?

“సామాను ఎత్తలేనంత బరువుంటే అసలు టేకు, తేలిగ్గా ఉంటే బోర్డు. బోర్డుకు ఎంత పెట్టినా దండగే. మన బల్లార్షా దగ్గర టేకు దొరుకుతుంది కాబట్టి, టేకు అని ఎవరిచ్చినా కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.”

చెక్క సామాను కొనేటప్పుడు తరచూ వినిపించే ఈ సలహాలో మొదటి మాటే తలకిందులు. ఎండిన టేకు ఒక ఘనపుటడుగు సుమారు 18 కిలోలు తూగితే, నూరిన చెక్కపీచును జిగురుతో అదిమిన ఎండీఎఫ్ 20 కిలోలు దాటుతుంది. పచ్చి ఆరని కర్ర ఇంకా బరువుంటుంది, కానీ ఎండలు 45 డిగ్రీలు దాటే మన చంద్రపూర్ జిల్లాలో అది ఒక్క వేసవికే వంగి, తలుపు మూతపడదు.

ఇక “టేకు అని ఇచ్చినది” అన్న మాటను లెక్కతో చూడాలి. ఆరున్నర అడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, 20 అంగుళాల లోతు ఉన్న రెండు తలుపుల బీరువాను తీసుకుందాం. పొడవును అడుగుల్లో, వెడల్పును, మందాన్ని అంగుళాల్లో కొలిచి, గుణించి, 144తో భాగిస్తే వడ్రంగులు సీఎఫ్టీ అనే ఘనపుటడుగులు వస్తాయి. వెనక పలక తప్ప మిగిలినదంతా టేకే అయితే సుమారు 5 ఘనపుటడుగులు పడుతుంది; తలుపుల చట్రాలు మాత్రమే టేకైతే ఒకటికి కూడా చేరదు. ఘనపుటడుగు 3,000 రూపాయలనుకుంటే, కోతలో పోయే తరుగు కలపకుండానే, మొదటిదానికి 15,000 రూపాయల కర్ర, రెండోదానికి 3,000 రూపాయల లోపు కర్ర. పాలిష్ పట్టాక రెండూ ముందు నుంచి ఒకేలా కనిపిస్తాయి, రెండింటినీ టేకు బీరువా అనే అమ్ముతారు. మొత్తం టేకైనా చేవ, అంటే మాను నడిమి ముదురు కర్ర, ఎంతో చూడాలి. నేను ఊళ్లోనే కొన్న ఒక బీరువా తలుపు అంచున చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కను రంగు వేసి కప్పారు. రెండేళ్లకు అక్కడి నుంచే పిండి రాలింది, పక్కనున్న చేవను మాత్రం పురుగు ముట్టలేదు.

బోర్డంతా దండగ అన్నది కూడా నిలవదు, ఎందుకంటే బోర్డు ఒకటే రకం కాదు. ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ నీటి తడిని చాలాకాలం ఓర్చుకుంటుంది. పార్టికల్ బోర్డు అంచు పట్టీ ఊడి తడి తగిలితే ఉబ్బుతుంది, మళ్లీ పూర్వపు మందానికి రాదు. పైన వేసిన లామినేట్ వల్ల అంగడిలో ఈ తేడా కనబడదు. దుకాణదారుని అడిగి, తలుపు లోపలి ఆటో హింజ్ ఒకదాన్ని విప్పించండి. అది కూర్చునే 35 మిల్లీమీటర్ల గుంతలో పొరలు కనిపిస్తే ప్లైవుడ్, నున్నని గోధుమరంగు పీచైతే ఎండీఎఫ్, చెక్క తునకలైతే పార్టికల్ బోర్డు. తునకల్లో స్క్రూను రెండు మూడు సార్లు విప్పి బిగిస్తే పట్టు వదులవుతుంది, కాబట్టి ఇల్లు మారినప్పుడల్లా విప్పి బిగించవలసిన సామానుకు, హింజ్ ఎంత ఖరీదైనదైనా, ఆ బోర్డు పనికిరాదు.