ఫ్యాక్టరీ హోమ్‌పేజీలో ఏ లోగో ఉంచాలి, ఏ అంకె తీసేయాలి

తయారీ కంపెనీల హోమ్‌పేజీలు చూస్తే ఒక వరుస అన్నిచోట్లా కనబడుతుంది. పైన మెషీన్ల ఫొటో, దాని కింద గిర్రున తిరిగి ఆగే నాలుగు పెద్ద అంకెలు, ఆ కింద పక్కకు జరుగుతూ పోయే ఇరవై ముప్పై కస్టమర్ల లోగోలు, అడుగున బంగారు రంగు బ్యాడ్జీలు. నమ్మకం కలిగించాలనే ఇవన్నీ పెడతారు. కానీ ఈ పేజీ తెరిచేది ఎవరో గుర్తు తెచ్చుకుంటే వీటిలో చాలావరకు ఎందుకు ఉపయోగపడవో తెలుస్తుంది.

విడిభాగాలు కొనే కంపెనీలో సరఫరాదారులను చూసుకునే క్వాలిటీ ఇంజినీర్‌ను ఊహించుకోండి. ఆమె ముందు ఏడెనిమిది ట్యాబ్‌లు తెరిచి ఉన్నాయి. సాయంత్రానికి ముగ్గురిని ఉంచి మిగతావాళ్లను పక్కన పెట్టాలి. రేపు ఒక సరుకు చెడితే సమాధానం చెప్పాల్సింది ఆమే. అందుకే ప్రతి పేజీలోనూ తేడా కొట్టే విషయం కోసమే ఆమె కళ్లు వెతుకుతాయి. పేజీలో పది మాటలుండి అందులో ఒకటి తప్పని తేలితే మిగతా తొమ్మిదింటినీ కూడా ఆమె అనుమానంగానే చూస్తుంది. కాబట్టి నా లెక్కలో హోమ్‌పేజీకి కొలత ఒక్కటే: ఆమె అక్కడికక్కడే సరిచూసుకోగలిగింది, లేదా అడిగితే మీరు కాగితం చూపించగలిగింది మాత్రమే అక్కడ ఉండాలి.

పంపులకు ఇంపెల్లర్లు, షాఫ్టులు తయారు చేసే ఒక మధ్యతరహా ఫ్యాక్టరీని ఉదాహరణగా తీసుకుందాం. ఫ్యాక్టరీ, అంకెలు ఊహించినవే అయినా, ఇలాంటి పేజీలు చూసినవాళ్లకు ఇది తెలిసిన ముఖమే. అక్కడ ఇలా ఉంది: "25+ ఏళ్ల అనుభవం, 500+ కస్టమర్లు, 100% నాణ్యత, 99% సకాలంలో డెలివరీ." కింద 24 లోగోలు. ఆ తర్వాత ఐఎస్‌ఓ లోగో, సీఈ గుర్తు, "ఎఫ్‌డీఏ అప్రూవ్డ్" అన్న ముద్ర, మూడు అవార్డుల బొమ్మలు.

ముందు సర్టిఫికెట్ల సంగతి చూద్దాం, ఎందుకంటే క్వాలిటీ ఇంజినీర్ మొదట నొక్కేది అక్కడే. ఐఎస్‌ఓ ప్రమాణాలను రాస్తుంది తప్ప సర్టిఫికెట్లు ఇవ్వదు. ఆడిట్ చేసి సర్టిఫికెట్ ఇచ్చేది వేరే సంస్థ. ఐఎస్‌ఓ తన లోగోను కంపెనీలు వాడుకోవడానికి ఒప్పుకోదు. ఒట్టి "ఐఎస్‌ఓ సర్టిఫైడ్" అని వదిలేయకుండా "ఐఎస్‌ఓ 9001:2015" అని ప్రమాణం పేరు పూర్తిగా రాయమని కూడా ఆ సంస్థే చెబుతోంది. ఈ సంగతి తెలిసిన ఇంజినీర్‌కు పేజీలో ఐఎస్‌ఓ లోగో కనబడగానే వచ్చే అనుమానం ఒకటే: వీళ్లు తమ సర్టిఫికెట్‌ను ఎప్పుడైనా చదివారా?

చదివితే అందులో ఉండే ముఖ్యమైన వాక్యం స్కోప్. సర్టిఫికెట్ ఏ పనికి, ఏ చిరునామాకు వర్తిస్తుందో చెప్పే రెండు మూడు లైన్లు అవి. మన ఫ్యాక్టరీకి రెండు చోట్ల పని జరుగుతోందనుకుందాం. పోత పోసే ఫౌండ్రీ ఒక చోట, మెషినింగ్ ఇంకో చోట. సర్టిఫికెట్ తీసి చూస్తే "పంపు విడిభాగాల మెషినింగ్, సరఫరా" అని, మెషినింగ్ షాపు చిరునామా మాత్రమే ఉంది. ఇంపెల్లర్‌లో గాలి బుడగలు, పగుళ్లు లాంటి లోపాలు పుట్టేదేమో ఫౌండ్రీలో. ఆ ఫౌండ్రీ సర్టిఫికెట్‌లోనే లేదు. ఇది మోసం కాకపోవచ్చు, తర్వాత కట్టిన షెడ్డును స్కోప్‌లో చేర్చడం మర్చిపోయి ఉండొచ్చు. కానీ హోమ్‌పేజీలోని బ్యాడ్జీ మొత్తం కంపెనీకీ వర్తిస్తుందన్నట్టు కనబడుతోంది, పీడీఎఫ్ మాత్రం సగానికే వర్తిస్తుందని చెబుతోంది. ఆ రెండింటి మధ్య తేడా చూసిన మనిషి మీకు ఫోన్ చేసి అడగదు, ట్యాబ్ మూసేస్తుంది.

దీనికి మందు బ్యాడ్జీని పెద్దది చేయడం కాదు, ఒక లైను రాయడం: "ఐఎస్‌ఓ 9001:2015 సర్టిఫికేషన్ మా మెషినింగ్ యూనిట్‌కు ఉంది, ఫౌండ్రీ ఇంకా దాని పరిధిలో లేదు." పక్కనే సర్టిఫికెట్ నంబరు, ఇచ్చిన సంస్థ పేరు, గడువు తేదీ, పీడీఎఫ్ లింకు. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ అయితే `iafcertsearch.org` లాంటి చోట పేరు కొట్టి ఆమె సొంతంగా చూసుకోవచ్చు. అక్కడ నమోదై ఉందో లేదో ముందు మీరే వెతికి చూసుకోండి. ఫౌండ్రీ లేదని బాహాటంగా రాయడానికి యజమానులు జంకుతారు, అది నాకు అర్థమవుతుంది. అయినా రాయాల్సిందే. ఆ విషయం ఆడిట్‌కు వచ్చిన రోజు ఎలాగూ బయటపడుతుంది, అప్పటికి రెండు పక్షాలకూ నెల రోజుల పని దండగ అయివుంటుంది.

మిగతా రెండు ముద్రలూ అక్కడ ఉండకూడదు. సీఈ గుర్తు యూరోపియన్ చట్టం అడిగే ఉత్పత్తుల మీద వేసేది, చాలా ఉత్పత్తులకు తయారీదారు తానే ప్రకటించి వేసుకునేది. కంపెనీకి సీఈ అంటూ ఉండదు. నాణ్యతకు అది బహుమతి కూడా కాదు. అమెరికా ఎఫ్‌డీఏ అయితే ఫ్యాక్టరీలకు అప్రూవల్ ఇవ్వదు, తన లోగోను ప్రైవేటు కంపెనీలు వాడడానికి ఒప్పుకోదు. మన ఫ్యాక్టరీ చెప్పదలుచుకున్నది బహుశా ఆహార పరిశ్రమ పంపుల్లో వాడే సీలు పదార్థం ఫలానా నిబంధనకు సరిపోతుందని అయి ఉంటుంది. అది ఆ సీలు పేజీలో, టెస్ట్ రిపోర్టు పక్కన రాయాల్సిన విషయం.

ఇక లోగోలు. 24 లోగోలూ ఎక్కడివని అడిగితే వచ్చే జవాబు సాధారణంగా ఇలా ఉంటుంది: ఆరు కంపెనీలకు నేరుగా ఇప్పుడు సరఫరా జరుగుతోంది. తొమ్మిదింటికి పంపు తయారీదారు ద్వారా మన భాగం చేరింది, అంటే ఆ లోగో ఉన్న కంపెనీకి మన పేరే తెలియదు. అయిదు ఎప్పుడో ఒకసారి శాంపిల్ తీసుకున్నాయి. నాలుగింటి సంగతి ఎవరికీ గుర్తులేదు, పాత బ్రోషర్ నుంచి వచ్చాయి. ఇంజినీర్ ఆ తొమ్మిదింటిలో ఒకదానిలో పాత స్నేహితురాలికి మెసేజ్ పెట్టి "వీళ్లెలా ఉన్నారు?" అని అడిగితే "ఎవరు వాళ్లు?" అని తిరుగు ప్రశ్న వస్తుంది. ఈ రంగంలో అలా అడగడం మామూలే.

నేరుగా సరఫరా చేసే ఆరింటిలో కూడా అనుమతి ఉన్నవే పెట్టాలి. చాలా పెద్ద కంపెనీల పర్చేజ్ ఆర్డర్ నిబంధనల్లో రాతపూర్వక అనుమతి లేకుండా తమ పేరు ప్రచారానికి వాడరాదని ఒక పేరా ఉంటుంది. ఆ పేరా చదవకుండా లోగో పెట్టిన పేజీ, రహస్యంగా ఉంచాల్సిన డ్రాయింగులను వీళ్లు ఎలా చూసుకుంటారో అన్న టెన్షన్ పుట్టిస్తుంది. మన ఫ్యాక్టరీకి అనుమతి వచ్చినవి మూడే అనుకుందాం. మూడే చాలు. జరిగే బెల్టు తీసేసి మూడింటినీ కదలకుండా పక్కపక్కన పెట్టి, ఒక్కోదాని కింద ఏం సరఫరా చేస్తున్నారో, ఎప్పటి నుంచో రాస్తే చాలు: "స్టెయిన్‌లెస్ స్టీల్ ఇంపెల్లర్లు, 2018 నుంచి." ఒట్టి లోగో చెప్పని సంగతి ఆ ఒక్క లైను చెబుతుంది. అనుమతి ఇవ్వని మిగతా ముగ్గురి గురించి పేరు లేకుండా, "నీటిశుద్ధి పంపుల తయారీదారుకు నెలకు 4,000 షాఫ్టులు" అని రాయొచ్చు. ఆ మాట వల్ల కస్టమర్ ఎవరో ఊహించే వీలుంటే అదీ వద్దు.

అంకెల్లో "500+ కస్టమర్లు" ఎలా వచ్చిందో చూస్తే, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పార్టీల పేర్లన్నీ లెక్కేశారు. అందులో తుక్కు కొనేవాళ్లూ ఉన్నారు. గత రెండేళ్లలో భాగాలు కొన్నవాళ్లు 38 మంది. 38 చిన్నగా కనబడుతుందని భయపడక్కర్లేదు. ఈ పరిమాణం ఉన్న ఫ్యాక్టరీకి అది నమ్మదగిన అంకె, 500 కాదు. "25+ ఏళ్లు" బదులు "1998 నుంచి" అని రాస్తే ఏటా మార్చే పనీ ఉండదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది సకాలంలో డెలివరీ. మన ఫ్యాక్టరీ గత ఏడాది 412 డెలివరీలు చేసింది. కస్టమర్ మొదట ఒప్పుకున్న తేదీకి చేరినవి 391, అంటే 94.9 శాతం. ఆలస్యం అవుతుందని ముందే చెప్పి తేదీ మార్పించుకున్నవి కూడా సకాలమే అనుకుంటే 403, అంటే 97.8 శాతం. దాన్ని కాస్త పైకి లాగితే పేజీలోని 99 తయారైంది. ఇంజినీర్ మొదట అడిగే ప్రశ్న "ఏ తేదీతో పోల్చి?" అనే. కాబట్టి ఆ జవాబుతో సహా రాయాలి: "గత ఏడాది 412 డెలివరీల్లో 391 మొదట ఒప్పుకున్న తేదీకే చేరాయి." ఇక "100% నాణ్యత" అన్న మాటకు అర్థమే లేదు. అదే ఏడాది 1,86,000 భాగాలు పంపితే 93 తిరిగి వచ్చాయి, అంటే పది లక్షలకు 500. ఈ అంకె చెప్పగలిగిన ఫ్యాక్టరీ తిరిగొచ్చిన సరుకును లెక్కపెడుతోందని ఇంజినీర్‌కు అర్థమవుతుంది. ఆమెకు కావలసింది అదే. ఈ అంకె హోమ్‌పేజీలో వద్దనుకుంటే క్వాలిటీ పేజీలో పెట్టండి, కానీ ఆ ఖాళీలో మళ్లీ 100 పెట్టకండి.

గిర్రున తిరిగే అంకెల గురించి ఒక సాంకేతిక ముచ్చట. పేజీని కిందికి జరిపాక స్క్రిప్ట్ సున్నా నుంచి లెక్క మొదలుపెడుతుంది. స్క్రిప్ట్ నడవకపోతే, లేదా పేజీని ప్రింట్ తీసి ఫైల్‌లో పెడితే, కాగితం మీద "0 కస్టమర్లు" అని ఉంటుంది. కదలిక మానేయడం మేలు. తప్పదంటే అసలు అంకెను పేజీలోనే రాసి ఉంచాలి:

```html
<span class="count">38</span>
```

అవార్డుల మీద ఎక్కువ సేపు ఆగక్కర్లేదు. నామినేషన్‌కు డబ్బు కట్టి తెచ్చుకున్నవి తీసేయండి. కస్టమర్ కంపెనీ తన సరఫరాదారుల్లో ఎంచి ఇచ్చిన గుర్తింపు ఉంటే, దేనికి ఇచ్చారో, ఏ ఏడాదో రాసి అదొక్కటీ ఉంచండి. అది కూడా పాతబడితే కంపెనీ గురించి చెప్పే పేజీకి మార్చేయండి.

ఇలా చేశాక మన హోమ్‌పేజీలో మిగిలేవి సర్టిఫికెట్ లైను, మూడు లోగోలు, రెండు అంకెలు, ఒక గుర్తింపు. ఒక మొబైల్ తెరలో పట్టేస్తాయి. వీటికి ఒక మనిషి బాధ్యత తీసుకోవాలి, అది వెబ్‌సైట్ చేసిన ఏజెన్సీ కాకూడదు, క్వాలిటీ మేనేజర్ అయితే మంచిది. సర్టిఫికెట్ గడువు మూడేళ్లే, మధ్యలో ఏటా నిఘా ఆడిట్ జరుగుతుంది, అందులో తేడా వస్తే సస్పెండ్ కావచ్చు. రద్దయితే ఆ సర్టిఫికేషన్‌ను ప్రస్తావించే ప్రకటనలన్నీ ఆపాలని సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థతో చేసుకున్న ఒప్పందంలోనే ఉంటుంది. ఆ సమాచారం మొదట వచ్చేది క్వాలిటీ మేనేజర్ మెయిల్‌కే, కాబట్టి పేజీలో ఆ లైను తీసేసే పాస్‌వర్డ్ కూడా ఆయన దగ్గరే ఉండాలి.