పెళ్లి కుదిరి నెలన్నరైంది, నాన్న ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది

చెల్లి నిశ్చితార్థం అయిన మర్నాడే నాన్న మ్యాట్రిమోనీ యాప్‌ను ఫోన్లోంచి తీసేశారు. "ఇంక దాంతో పనేముంది?" అన్నారు. ఆయన లెక్కలో అక్కడితో ఆ సంగతి ముగిసిపోయింది. మేమూ అలాగే అనుకున్నాం.

మూడు వారాలకు మగపెళ్లివారు ముహూర్తాలు మాట్లాడ్డానికి వచ్చారు. పంచాంగం తెరిచి కూర్చున్న వేళ నాన్న ఫోన్ మోగింది. ఆయనకు చెవి కాస్త మందం, ఎప్పుడూ స్పీకరే. "మీ అమ్మాయి ప్రొఫైల్ చూశామండీ, మా వాడు బెంగళూరులో చేస్తున్నాడు, నక్షత్రం చెప్తారా?" అని ఎవరో పెద్దావిడ ఎంతో మర్యాదగా అడిగారు. గదిలో ఒక్కరూ మాట్లాడలేదు. అబ్బాయి పెదనాన్న గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఎప్పుడో పెట్టిందండీ, తీసేశాం" అంటూ నాన్న తడబడ్డారు. ఆ రాత్రి ఆయన సరిగా భోజనం చెయ్యలేదు.

యాప్ తీసేస్తే పోయేది ఫోన్లోని బొమ్మ ఒక్కటే. ప్రొఫైల్ వాళ్ల సర్వర్లో అలాగే ఉంటుంది. ప్లాన్ గడువు ముగిసినా అది ఉచిత ప్రొఫైల్‌గా కొనసాగుతుంది, డబ్బు కట్టిన వేరేవాళ్లకు మన నంబరు కనిపిస్తూనే ఉంటుంది. ప్లాన్ ఆపడం ఒకటి, ప్రొఫైల్ దాచడం ఒకటి, కాల్స్ ఆగడం ఇంకొకటి. డబ్బు తీసుకున్న రోజు అన్నీ ఒక్క బటన్‌తో అయ్యాయి. వదిలించుకోవడానికి మాత్రం మూడు తలుపులు తట్టాల్సి వచ్చింది. నాకు కోపం వచ్చేది అక్కడే.

ముందు డబ్బు సంగతి. నాన్న మూడు నెలల ప్లాన్ కట్టినప్పుడు యూపీఐలో ఆటోపేకి కూడా ఒప్పుకున్నట్టు ఆయనకే తెలియదు. డబ్బు కోసే ముందు రోజు మెసేజ్ వచ్చింది, ప్రకటన అనుకుని వదిలేశారు. అదృష్టం బాగుండి అదే సాయంత్రం నేను చూశాను. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి ఆ అనుమతిని రద్దు చేశాను. అక్కడ పాజ్ కూడా ఉంటుంది, దాన్ని నమ్ముకోకండి, మళ్లీ మొదలయ్యే వీలుంటుంది. ప్లే స్టోర్ ద్వారా కట్టినవాళ్లు మాత్రం అక్కడి సబ్‌స్క్రిప్షన్లలోకి వెళ్లి రద్దు చేసుకోవాలి.

తర్వాత ప్రొఫైల్. మేం వాడిన సైట్‌లో "దాచు" అంటే కొన్నాళ్లకే. పదిహేను రోజులా, నెలా అని అడుగుతుంది, గడువయ్యాక దానంతటదే మళ్లీ బయటికొస్తుంది. నేను మొదట పదిహేను రోజులు పెట్టి, పదహారో రోజు కాల్స్ మొదలయ్యాక గానీ గ్రహించలేదు. రెండోసారి వరస మార్చాను. ముందు కాంటాక్ట్ నంబరు దగ్గర నాన్నది తీసేసి నా పాత సిమ్ నంబరు పెట్టి ఓటీపీ ఇచ్చాను. తర్వాత ఫొటోలు, జాతకం తొలగించాను. ఆఖర్న ప్రొఫైల్ డిలీట్ కొట్టాను. కారణం అడిగితే పెళ్లి కుదిరిందని నొక్కాను, వెంటనే పెళ్లి తేదీ, ఊరు అడిగింది. నింపాను. నింపకుండా ఉండాల్సింది, వారం తిరక్కుండా ఫొటోగ్రాఫర్లు, కల్యాణ మండపాల వాళ్ల కాల్స్ మొదలయ్యాయి.

కంపెనీవాళ్ల "ఆఫర్ ఉంది సార్" కాల్స్‌కి వేరే దారి. ఎగ్జిక్యూటివ్‌తో ఎంత చెప్పినా "నోట్ చేసుకున్నాం సార్" అంటారు, మర్నాడు ఇంకొకరు చేస్తారు. సైట్ అడుగున ఫిర్యాదుల అధికారి మెయిల్ ఐడీ ఉంటుంది, దానికి రాశాను. ప్రొఫైల్ ఐడీ, నంబరు ఇచ్చి, వివరాలు తొలగించమనీ, కాల్స్‌కి ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకుంటున్నాననీ నాలుగు వాక్యాలు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం 24 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నిర్ణీత గడువులో తేల్చాలి. తొమ్మిదో రోజు జవాబొచ్చింది, ఆ కాల్స్ ఆగాయి. నాన్న నంబరుకి 1909 ద్వారా డీఎన్‌డీ కూడా పెట్టించాను. అప్పటికీ ప్రకటన కాల్ వస్తే వారం లోపే 1909కి ఫిర్యాదు చెయ్యాలి, ఆలస్యమైతే తీసుకోరు.

వీటిలో ఏదీ ఆపలేనివి కుటుంబాల కాల్స్. మన నంబరు ఇంతకుముందే చూసి రాసుకున్నవాళ్లు, బయోడేటాని వాట్సాప్‌లో మధ్యవర్తులకు పంపినవాళ్లు చేసేవి అవి. డీఎన్‌డీ మామూలు మనుషుల కాల్స్‌కి వర్తించదు, డిలీట్ చేసినా ఎవరి డైరీలోనో నంబరు ఉంటుంది. అందుకే మొదటి రోజునే అక్కడ నాన్న నంబరు పెట్టకుండా ఉండాల్సింది, వేరే సిమ్ ఒకటి తీసుకుని దానికే పరిమితం చేసుంటే సరిపోయేది. పెళ్లయ్యాక ఆ సిమ్ తీసేస్తే తీరిపోయేది.

ఇప్పుడు వారానికి ఒకటో రెండో వస్తున్నాయి. నాన్న స్పీకర్ ఆపి వరండాలోకి వెళ్లి, "మా అమ్మాయికి కుదిరిందండీ, మీ అబ్బాయికీ మంచి సంబంధం రావాలి" అని చెప్పి పెట్టేస్తున్నారు.